పండగ అయ్యాక అరిసెల రేటు ఎంత పెట్టాలి?

"ఇంట్లో పిండివంటలు చేసి అమ్ముతాను. అరిసెలు మామూలుగా కిలో 400, సంక్రాంతికి 480 తీసుకున్నా. ఇప్పుడు పాతవాళ్లే మళ్లీ అడుగుతున్నారు. 480 అంటే మొహం చిట్లిస్తారేమో, 400 అంటే పండక్కి దోచుకున్నానని అనుకుంటారేమో."

400కే ఇవ్వండి, కాకపోతే వారానికి ఒక్కరోజే చేయండి. నేను మొదటి ఏడాది 480నే శివరాత్రి దాకా లాగాను. ఎవరూ పోట్లాడలేదు, అదే నన్ను ముంచింది. నెలనెలా రెండు కిలోలు పట్టుకెళ్లే ఆవిడ అరకిలోకి దిగి, తర్వాత ఫోనే చేయలేదు.

బెల్లం పెరిగిందని చెప్పి తప్పించుకోవచ్చు అనుకున్నా గానీ లెక్క వేస్తే నాకే నవ్వొచ్చింది. పది కిలోల అరిసెలకి ఐదు కిలోల బియ్యం, మూడున్నర నాలుగు కిలోల బెల్లం పడతాయి, అంటే బెల్లం కిలోకి పది రూపాయలు పెరిగినా అరిసెల కిలో మీద పడేది నాలుగు రూపాయలే.

అసలు తేడా కూలి దగ్గర ఉంది. బియ్యం, బెల్లం, నూనె, నెయ్యి, నువ్వులు, మర, గ్యాస్, డబ్బా అన్నీ కలిపి నాకు కిలోకి 140 దాకా అవుతుంది. పండక్కి ఇద్దరు మనుషులకి చెరో 900 ఇచ్చినా రాత్రి దాకా కూర్చుని 20 కిలోలు తీసేవారు, కిలోకి 90 పడింది. మామూలు రోజుల్లో చెరో 600కి పది కిలోలు, అంటే 120. కానీ పండగ తర్వాత వచ్చే ఆర్డర్లు నాలుగు కిలోలే అనుకోండి, అవే 1200 పెడితే కిలోకి 300 కూలి, సరుకుతో కలిపి 440! 400కి అమ్మితే నష్టం, 480కి అమ్మితే కొనేవాళ్లు పోతారు.

అందుకే గురువారం సాయంత్రం దాకా ఆర్డర్లు తీసుకుని, శుక్రవారం బియ్యం నానబోసి, శనివారం పిండి పట్టించి వండుతున్నాం. పది కిలోలు నిండితే ఖర్చు 260, మిగిలేది 140. ఆరేడు కిలోలే వచ్చిన వారం ఒక మనిషినే పిలిచి, పాకం నేనే పట్టుకుని, అరిసెలు చెక్కతో ఒత్తడం కూడా నేనే చూసుకుంటా (నడుం పోతుంది, అది వేరే సంగతి). మధ్యలో అర్జంటుగా కావాలన్నవాళ్లకి 450, ఎందుకో ముందే చెప్తా, చాలామంది శనివారం దాకా ఆగుతామంటారు.

ఇంకోటి, రేటు తగ్గిస్తే అందరికీ ఒకే రోజు చెప్పండి. ఒకరికి 480కి ఇచ్చి మర్నాడు వాళ్ల పక్కింటావిడకి 400కి ఇచ్చి నేను బాగా మాటలు పడ్డాను. ఇప్పుడు డిసెంబర్‌లోనే వాట్సాప్‌లో పెట్టేస్తా: "జనవరి 5 నుంచి 16 దాకా పండగ రేటు 480, తర్వాత మళ్లీ 400." ఈ ఏడాది ముగ్గురు పండక్కి ఒక్క కిలోతో సరిపెట్టుకుని, మిగతాది 17 తర్వాతకి రాయించుకున్నారు.