ఆ మూడు లేన్లూ ఒకటి కావు

ప్రశ్న: సార్, నేను హన్మకొండలో ఎం.ఎస్సీ. బయోటెక్నాలజీ ఫైనలియర్ చదువుతున్నాను. మా క్లాసులో 20 మందికి పీటీసీ కాగితంతో చేదు టెస్టు చేసి, పీసీఆర్ తర్వాత హే-త్రీ ఎంజైముతో కోసి జీనోటైపు చూశాం. టేస్టర్ అల్లీల్ ఒక్కటున్నా చేదు తెలుస్తుంది, లేకుంటే తెలియదు అన్నది మా హైపోథెసిస్. 17 మందికి సరిపోయింది. కానీ నాన్‌టేస్టర్ అల్లీల్స్ రెండూ ఉన్న ఆరుగురిలో ఇద్దరు చేదుగా ఉందన్నారు. టేస్టర్ అల్లీల్స్ రెండూ ఉన్న ఆరుగురిలో ఒకబ్బాయి ఏమీ తెలియట్లేదన్నాడు. ఆ ముగ్గురినీ తీసేయమని ఫ్రెండ్స్ అంటున్నారు. వచ్చే నెల హైదరాబాద్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్ ఇంటర్వ్యూకి ఈ రిపోర్టే పట్టుకెళ్లాలి. డిస్కషన్‌లో ఏం రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: తీసేయకు అమ్మా. అలాగని ‘హ్యూమన్ ఎర్రర్ వల్ల ఇలా జరిగింది’ అని ఒక్క లైనుతో దాటేయకు కూడా. ఇంటర్వ్యూలో కూర్చునేవాళ్లు మొదట చూసేది ఆ లైన్నే. ఆ ముగ్గురినీ కలిపి ఒకే పేరాలో పెట్టావనుకో, నీ ఎంజైము ఎలా పనిచేస్తుందో నీకు పట్టుబడలేదని తెలిసిపోతుంది. ఎందుకంటే ఆ ఇద్దరి సంగతి వేరు, ఆ అబ్బాయి సంగతి వేరు.

నీ జెల్ ఫొటో ముందు పెట్టుకుని చదువు. మీరు చేసింది అందరూ చేసే టాస్‌2ఆర్38 ప్రాక్టికలే అయితే పీసీఆర్ ముక్క 221 బేస్‌ల పొడవుంటుంది. టేస్టర్ అల్లీల్ నుంచి పెరిగిన ముక్కలో జీజీసీసీ అనే వరస ఉంటుంది కాబట్టి హే-త్రీ అక్కడ కోసి 177, 44 ముక్కలు చేస్తుంది. నాన్‌టేస్టర్‌లో ఆ చోట ఒక సీ బదులు జీ ఉంటుంది. కోత పడదు, 221 అలాగే మిగులుతుంది. అంటే మీ లెక్కలో ‘కోయలేదు’ అన్నా ‘నాన్‌టేస్టర్’ అన్నా ఒక్కటే. మరి ఎంజైమే పనిచేయకపోతే? అప్పుడు కూడా 221 అలాగే మిగులుతుంది. కోత సగం పడితే రెండు టేస్టర్ అల్లీల్స్ ఉన్నవాడు ఒకటే ఉన్నవాడిలా కనిపిస్తాడు. అసలు పడకపోతే నాన్‌టేస్టర్‌లా కనిపిస్తాడు. ఈ తప్పు ఎప్పుడూ ఒకే వైపు నడుస్తుంది. ఎంజైము మొరాయించడం వల్ల నాన్‌టేస్టర్ మాత్రం టేస్టర్‌గా మారడు. లేని చోట కోత పడదు కదా. నీ డిస్కషన్ మొత్తం ఈ ఒక్క విషయం మీద నిలబడాలి.

ముందు ఆ ఇద్దరిని చూద్దాం. వాళ్ల లేన్లలో 177 దగ్గర చాలా పలచగానైనా గీత ఉందా? ఉంటే కోత సగంలో ఆగిపోయినట్టే, వాళ్లు నాన్‌టేస్టర్లు కారు. 44 బ్యాండు మీద మాత్రం ఆధారపడకు. ముక్క ఎంత పొట్టిదైతే రంగు అంత తక్కువ పడుతుంది, పైగా ప్రైమర్ డైమర్ కూడా అక్కడే వచ్చి కూర్చుంటుంది. 177 జాడే లేకపోతే ఆ రెండు ట్యూబుల్లో ఎంజైము కలిసిందా అన్నది తేలాలి. నేను ల్యాబ్‌లో పనిచేసిన రోజుల్లో ఇది కళ్లారా చూశాను. ఎంజైము గ్లిజరాల్‌లో వస్తుంది, తేనెలా చిక్కగా ఉంటుంది. ఒక మైక్రోలీటరు వేస్తే ట్యూబు అడుక్కి జారిపోతుంది. వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తే నీళ్లలో పంచదార పాకం సాగినట్టు చిన్న సుడి కనిపిస్తుంది. పిపెట్‌తో రెండు మూడుసార్లు మెల్లగా కలపకుండా 37 డిగ్రీల్లో పెట్టేస్తే, గంట గడిచినా పై భాగం కోయకుండానే ఉంటుంది. కొన్ని ట్యూబుల్లో బాగా కోసి రెండిట్లో కోయకపోవడానికి ఇది చాలు.

మిగిలిన పీసీఆర్ ప్రొడక్ట్ ఉంటే ఆ రెండిటినీ మళ్లీ కోయి. పక్కనే ఇంతకుముందు పూర్తిగా కోసిన టేస్టర్ శాంపిల్ ఒకటి పెట్టు, ఎంజైము బతికే ఉందని అది చెబుతుంది. ఇంకో ట్యూబులో ఆ టేస్టర్ ప్రొడక్ట్‌నీ అనుమానం ఉన్న ప్రొడక్ట్‌నీ సగం సగం కలిపి కోయి. టేస్టర్ ఒంటరిగా కోసి, కలిపినప్పుడు కోయకపోతే ఆ శాంపిల్లోనే ఎంజైమును అడ్డుకునేదేదో ఉంది.

ఆ రెండు ట్యూబుల్లోనూ టేస్టర్‌కి కోత పడి, వీటికి మాత్రం రెండోసారి కూడా పడలేదనుకో. అప్పుడు ఎంజైము తప్పు కాదు, హైపోథెసిస్ ఇరుకైనదని అర్థం. ఈ జీన్‌లో చేదుకు సంబంధించి మూడు చోట్ల తేడాలుంటాయి. ప్రొటీన్‌లో 49, 262, 296 స్థానాలవి. మామూలు టేస్టర్ రకాన్ని పీఏవీ అని, నాన్‌టేస్టర్ రకాన్ని ఏవీఐ అని అంటారు. హే-త్రీ వీటిలో మొదటి చోటు ఒక్కటే చదువుతుంది. ఏఏవీ అనే అరుదైన రకం కూడా ఉంది. మొదటి చోట అది నాన్‌టేస్టర్‌లాగే ఉంటుంది కాబట్టి మీ జెల్‌లో కోత పడదు, కానీ మనిషికి చేదు కొంత తెలుస్తుంది. ఆ ఇద్దరూ ‘కొంచెం చేదు’ అన్నారా, మొహం చిట్లించి ఉమ్మేశారా? నోట్‌బుక్‌లో అది రాసుకుని ఉంటే ఈ డిస్కషన్‌కి చాలా పనికొస్తుంది. ఖాయంగా తేలాలంటే మిగతా రెండు చోట్లూ సీక్వెన్స్ చేయించాలి. అది చేయలేదని, మీ పద్ధతి అంతవరకే చూడగలదని నేరుగా రాయి.

ఇక ఆ అబ్బాయి. అతని లేన్‌లో కోత పూర్తిగా పడింది, కాబట్టి డైజెషన్ మీద నెపం పెట్టడానికి వీల్లేదు. పక్క ట్యూబు నుంచి డీఎన్ఏ కలిసిందని రాయబోతావేమో, ఒక్క క్షణం ఆగు. అతను నిజంగా నాన్‌టేస్టర్ అయితే అతని సొంత 221 కూడా జెల్‌లో కనిపించాలి. లేదంటే ట్యూబులు తారుమారైనా అయి ఉండాలి, అతని డీఎన్ఏ పెరగకుండా కలిసిన డీఎన్ఏ మాత్రమే పెరిగి అయినా ఉండాలి. డీఎన్ఏ వేయని కంట్రోల్ లేన్ ఖాళీగా ఉందో లేదో చూడు. అంతకంటే తేలికైన పని నాలుక పరీక్ష మళ్లీ చేయడం. నోరు పుక్కిలించాక ఒక మామూలు కాగితం, ఒక పీటీసీ కాగితం ఏది ఏదో చెప్పకుండా ఇవ్వు. ఎండు నాలుక మీద పెట్టి వెంటనే తీసేసినా చేదు తెలియదు.

హైపోథెసిస్ ఓడిపోయిందని రాయాలా అంటే, దాన్ని రెండుగా విడదీయి. టేస్టర్ అల్లీల్ ఉన్న 14 మందిలో 13 మందికి చేదు తెలిసింది. లేని ఆరుగురిలో నలుగురికి తెలియలేదు. ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్ట్ వేస్తే పీ విలువ సుమారు 0.014 వస్తుంది. కాబట్టి సంబంధం ఉందన్న భాగం నిలబడింది. ఈ ఒక్క కోతతో ప్రతి మనిషికీ చెప్పేయవచ్చన్న భాగం నిలబడలేదు. ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయితే ఈ లెక్క బాగా మారిపోతుందని కూడా రాయి, 20 మంది చాలా తక్కువ.

ఇంటర్వ్యూలో ఇంకో జీన్ పేరు చెప్పి ఇదే అడగవచ్చు. సికిల్ సెల్ తీసుకో. మన ఆదిలాబాద్, ఆసిఫాబాద్ గోండు గూడేల్లో ఉన్న జబ్బే. ఆ మ్యుటేషన్ బీటా గ్లోబిన్ జీన్‌లో కోత పడే చోటునే చెరిపేస్తుంది. ఈ పద్ధతిలో టెస్టు చేస్తే కోత పడకపోవడమే జబ్బు గుర్తు. అక్కడ డైజెషన్ సగంలో ఆగితే, ఏ లోపమూ లేని అమ్మాయికి క్యారియర్ అని కాగితం మీద రాసిస్తాం. అందుకే తప్పు ఎటు మొగ్గుతుందో చెప్పగలిగినవాళ్లనే రిపోర్టుల దగ్గర కూర్చోబెడతారు. నీ మూడు లేన్లూ నీకు నేర్పుతున్నది సరిగ్గా ఆ పనే.

రేపు ల్యాబ్ తెరవగానే ఆ రెండు శాంపిళ్ల పీసీఆర్ ప్రొడక్ట్ ఫ్రీజర్‌లో ఉందేమో చూడు. ఐదు మైక్రోలీటర్లు మిగిలినా ఒకసారి కోయడానికి సరిపోతుంది. ఏమీ లేకపోతే ఆ ఇద్దరి దగ్గరా మళ్లీ బుగ్గ కణాలు తీసుకుని మొదలుపెట్టు, నెల రోజుల టైముంది.