డాటు మొన దగ్గర ఆఖరి అంగుళం

విజయనగరం

అమ్మాయికి, పెద్దమ్మ దీవెనలు.

మీ అమ్మ చేత నువ్వు పంపిన పొందూరు ఖద్దరు జాకెట్టు అందింది. రెండు రోజులు నా దగ్గరే ఉంచుకుని తిప్పి తిప్పి చూశాను. మెడ బాగా తీశావు, చంక దగ్గర ఎక్కడా లాగుడు లేదు. బట్టను మడిచి మొనదాకా సన్నంగా కుట్టిన నడుము డాట్లు రెండూ చక్కగా కరిగిపోయినట్టు ఉన్నాయి. నువ్వు రాసిన ఇబ్బందంతా పక్క డాట్ల దగ్గరే ఉంది. రెండు వైపులా మొన దగ్గర చిన్న ముక్కులాగా పొడుచుకొచ్చి, దాని ముందు సొట్ట పడింది. "చేయి ఒకటే, మిషను ఒకటే, కిందది బాగా వచ్చి పక్కది ఎందుకు పాడైంది పెద్దమ్మా" అని అడిగావు. మంచి ప్రశ్న అడిగావు. దానికి జవాబు నీ చేతిలో లేదు, కొలతలో ఉంది.

టేపు పెట్టి చూశాను. నీ నడుము డాటు మూతి, అంటే వెడల్పు చివర, మొత్తం ఒక అంగుళం, అంటే మడతకు అర అంగుళం లోపల కుట్టు మొదలైంది. పొడవు నాలుగు అంగుళాలు. తిన్నగా గీత గీస్తే, మొనకు ఒక అంగుళం ముందు కుట్టు మడతకు టేపు మీద ఒక్క గీత దూరంలో ఉంటుంది. పక్క డాటు మూతి అంగుళంన్నర, అంటే మడతకు ముప్పావు అంగుళం. పొడవు మాత్రం మూడు అంగుళాలే. అక్కడ మొనకు ఒక అంగుళం ముందు కుట్టు ఇంకా రెండు గీతల దూరంలో, అంటే పావు అంగుళంలో ఉంది. ఆ ఆఖరి అంగుళంలో అది రెట్టింపు వేగంగా మడత మీదకు దిగాలి. అంత ఏటవాలుగా దిగి ఒక్కసారిగా ఆగిపోయిన చోట బట్టకు సర్దుకోవడానికి వ్యవధి ఉండదు. అదే ముక్కు, అదే సొట్ట. మూతి వెడల్పుగా, పొడవు పొట్టిగా ఉన్న డాటు ఎవరు కుట్టినా ఇలాగే పొడుచుకొస్తుంది.

కాబట్టి వెడల్పు డాటును స్కేలు పెట్టి గీసిన గీత మీద చివరిదాకా కుట్టకు. మూతి నుంచి రెండు వంతుల దాకా తిన్నగా రా. ఆఖరి అంగుళంలో గీతను మడత వైపు కొద్దిగా వంచి, ఆ పైన మడతను ఆనుకుని నడిపించు. చివరి మూడు నాలుగు కుట్లు మడత అంచుకు ఒక్క నూలుపోగు లోపల పడాలి. అప్పుడు కుట్టు మడతలోకి దిగినట్టు ఉండదు, మడతతో కలిసిపోయినట్టు ఉంటుంది. చాక్‌తో గీసేటప్పుడే ఈ వంపు గీసుకో. మిషను మీద కూర్చున్నాక అంచనాతో తిప్పితే ఎడమ డాటు ఒక రకం, కుడి డాటు ఒక రకం వస్తాయి.

ఎప్పుడూ మూతి దగ్గర మొదలుపెట్టి మొన వైపు వెళ్ళు. మూతి దగ్గర వెనక్కీ ముందుకీ కుట్టుకోవచ్చు, అది అతుకులోకి పోతుంది. మొన దగ్గర మాత్రం వెనక్కి కుట్టకు. నీ జాకెట్టులో రెండో తప్పు అదే. కుడివైపు మొన మీద మూడు వరసల దారం గడ్డకట్టి ఉంది, వేలు పెడితే మెంతిగింజలా తగిలింది. దాన్ని ఎంత ఇస్త్రీ చేసినా అణగదు. మొనకు అర అంగుళం ఉందనగా కుట్టు సైజు తగ్గించు. మామూలుగా రెండున్నర మిల్లీమీటర్లు పెడతావు కదా, ఒకటిన్నరకు తీసుకురా. కాలు ఆపేసి, చివరి నాలుగు కుట్లు చక్రం చేత్తో తిప్పి వెయ్యి. సూది మడత అంచు దాటి బయటకు వచ్చాక కూడా ఒకటి రెండు కుట్లు గాలిలో పడనీ. దారాలు నాలుగు అంగుళాలు వదిలి కత్తిరించు.

ఆ రెండు దారాలను ముడి వెయ్యాలి, కానీ ఆ ముడి బట్టను లాగకూడదు. వదులుగా ఉచ్చు వేసి, ఉచ్చులో గుండుసూది పెట్టి, సూది మొనతో ఉచ్చును మడత అంచుదాకా జరిపి, అక్కడ సూది తీసేస్తూ బిగించు. బిగించాక బట్టను అడ్డంగా కొంచెం సాగదీసి చూడు. మొన చుట్టూ సూర్యకిరణాల్లా సన్నటి ముడతలు కనిపిస్తే ముడి గట్టిగా లాగేశావన్నమాట. మిగిలిన దారాన్ని అర అంగుళం ఉంచి కత్తిరించు. అంతకన్నా పొట్టి చేస్తే రెండు ఉతుకులకే ముడి ఊడుతుంది.

లైనింగ్ సంగతి ఒకటి. నువ్వు లైనింగ్‌ను బట్టకు కలిపి రెంటినీ ఒకేసారి డాటు కుట్టావు, అది మన దగ్గర అందరూ చేసేదే. కానీ మడిచినప్పుడు లోపలి లైనింగ్ జరిగితే, దాని మడత పై బట్ట మడతతో కలవదు. లోపల మొన తిన్నగా కనిపిస్తుంది, బయట సొట్ట పడుతుంది. డాటు మధ్య గీత మీద ముందుగా కచ్చా కుట్టు వేసుకుని, ఆ కుట్టు మీదే మడువు. ఐదు నిమిషాల పని. సిరిమాను పండగ ముందు జాకెట్లు గుట్టగా పడినప్పుడు కూడా నేను ఈ కచ్చా కుట్టు మానను.

ఇప్పుడు ఇస్త్రీ. ఇస్త్రీ పెట్టె ముట్టుకునే ముందు ఒక పరీక్ష చెయ్యి. కుట్టిన డాటును బయటి వైపు పైకి వచ్చేలా నీ పిడికిలి మీద పరుచు, మొన పిడికిలి గుండ్రం మీదకు రావాలి. అక్కడే సొట్ట కనిపిస్తే తప్పు కుట్టుది, విప్పక తప్పదు. పిడికిలి మీద నున్నగా ఉండి ఇస్త్రీ తరవాత సొట్ట వస్తే తప్పు ఇస్త్రీది. నీ జాకెట్టులో రెండూ ఉన్నాయి. మొన దాటాక ముప్పావు అంగుళం దాకా ఒక సన్నటి మడత గీత పడి ఉంది. అది బల్ల మీద బట్టను మడతతోనే పెట్టి చివరిదాకా ఇస్త్రీ పెట్టె తోసేయడం వల్ల వచ్చింది.

డాటు కుట్టగానే ఆ చోట బట్ట చదునుగా ఉండే వస్తువు కాదు, గిన్నె మూతలా గుండ్రం తిరిగిపోతుంది. దాన్ని బల్ల మీద అణిస్తే మొన దగ్గరి గుండ్రం ఎక్కడికి పోతుంది? పక్కకు మడతపడి కూర్చుంటుంది. పని నేర్చుకున్న కొత్తలో నేను ఒక పెళ్ళి పట్టు జాకెట్టును మంచం మీద దుప్పటి వేసి అలాగే ఇస్త్రీ చేశాను. మొనల ముందు రెండు మెరుపు గీతలు పడ్డాయి, అవి ఇక పోలేదు. ముందు భాగాలు రెండూ కొత్త బట్టతో మళ్ళీ కుట్టి ఇచ్చాను. ఆ తరవాతే డాట్లు ఇస్త్రీ చేసేందుకు ఒక గుండ్రటి మెత్త తయారు చేసుకున్నాను.

ఆ మెత్త ఇలా చెయ్యి. గట్టి నూలు బట్టను గుడ్డు ఆకారంలో, పన్నెండు అంగుళాల పొడవున రెండు ముక్కలు కత్తిరించి సంచిలా కుట్టు. వడ్రంగి దగ్గర ఎండిన రంపపు పొట్టు తెచ్చి, జల్లించి, వేలు దిగనంత గట్టిగా కూరు. దూది పెడితే ఇస్త్రీ పెట్టె బరువుకు అణిగిపోతుంది, ఆవిరికి చెమ్మ పట్టి గడ్డ కడుతుంది. మెత్త లేని రోజు తువ్వాలును గట్టిగా చుట్టి వాడుకో.

ముందు డాటును కుట్టినట్టే మడతతో బల్ల మీద పెట్టి, కుట్టు మీద ఇస్త్రీ పెట్టెను ఆనించి ఎత్తు. మొన దగ్గరికి వచ్చి ఆపెయ్యి, ఒక్క గీత కూడా దాటకు. దీనితో దారం బట్టలోకి కూర్చుంటుంది. తరవాత బట్టను తెరిచి, లోపలి వైపు పైకి ఉండేలా మెత్త మీద పరుచు. నడుము డాటు మడతను మధ్యకు, పక్క డాటు మడతను కిందకు తిప్పు. మడత కింద ఒక కాగితం ముక్క దూర్చు, లేకపోతే మడత అంచు బయటకు అచ్చు పడుతుంది. మూతి నుంచి మొన వైపు కొంచెం కొంచెంగా ఇస్త్రీ పెట్టెను ఆనించి ఎత్తుతూ రా. రుద్దకు, రుద్దితే ఏటవాలు బట్ట సాగి కొత్త ముడత తెస్తుంది. మొనను మెత్త గుండ్రానికి సరిగ్గా పైకి తెచ్చి, తడిపి పిండిన గుడ్డ వేసి, ఐదారు సెకన్లు ఆనించి తీసెయ్యి. బట్ట చల్లారేదాకా మెత్త మీదనుంచి కదపకు. వేడిగా ఉండగానే ఎత్తితే ఎలా ఎత్తితే అలా బిగిసిపోతుంది.

ఖద్దరు చేత్తో వడికిన నూలు. తడికీ వేడికీ లొంగుతుంది, కాస్త ఉబ్బు ఉన్నా ఆవిరితో కుంచించుకుంటుంది. పాలిస్టర్ కలిసిన బట్ట అలా కుంచించుకోదు, దాని మీద కుట్టు తప్పును ఇస్త్రీతో దిద్దుకోగలమనుకోకు. పట్టుకు తడి గుడ్డ వద్దు, మరక పడుతుంది. పొడి గుడ్డ వేసి తక్కువ వేడి పెట్టు.

ఇక నీ జాకెట్టును దిద్దే పని. పక్క డాటు మొన చెస్ట్ పాయింటుకు అంగుళం ముందు ఆగింది కాబట్టి మనకు అర అంగుళం చోటుంది. అర అంగుళం కన్నా దగ్గరికి మాత్రం పోకూడదు, పోతే తొడుక్కున్నప్పుడు మొన పైన కూర్చుంటుంది. ఆఖరి అంగుళం మాత్రమే విప్పాలి. ఆ పావు అంగుళం దూరంలో ఉన్న చోటుకు అర అంగుళం వెనక నుంచి పాత కుట్టు మీదే మొదలుపెట్టి, అంగుళంలో దిగిన దాన్ని ఇప్పుడు అంగుళంన్నరలో దిగేలా వంపుగా కుట్టు. అంటే మొన అర అంగుళం ముందుకు జరుగుతుంది. ఇందులో ఇంకో లాభం ఉంది. కొత్త కుట్టు పాత కుట్టు కన్నా మడతకు దూరంగా పడుతుంది కనుక పాత సూది చిల్లులన్నీ మడతలోకి పోతాయి. పొడవు పెంచకుండా మొనను సన్నం చేయబోతే చిల్లులు బయట పడతాయి. ఖద్దరు మీద గోటితో గీరితే పూడుకుంటాయి గానీ పట్టు మీద పూడవు. ఇకముందు కటింగ్ అప్పుడే అంగుళంన్నర మూతి కావలసి వస్తే దాన్ని ముప్పావు ముప్పావుగా రెండు డాట్లు చెయ్యి.

మెత్త ఒకటి కుట్టి మీ అమ్మ చేతికిచ్చాను. జాకెట్టు కూడా అదే సంచిలో ఉంది. ఎడమవైపు మొన నేను విప్పి కుట్టి ఇస్త్రీ చేశాను. కుడివైపుది విప్పి, చాక్‌తో వంపు గీసి నీకు వదిలేశాను.

మీ పెద్దమ్మ