ఇన్‌ఫిల్ పెంచినా బ్రాకెట్ మూల దగ్గరే ఎందుకు విరుగుతోంది?

ప్రశ్న: షెల్ఫ్ కోసం ఎల్ ఆకారం బ్రాకెట్ పీఎల్‌ఏ ప్లాస్టిక్‌లో 3డీ ప్రింట్ చేశా, ఇన్‌ఫిల్ 80% పెట్టినా మూలలో విరిగిపోయింది. 100% పెట్టాలా?

వద్దండీ, 100% పెట్టినా మళ్ళీ అక్కడే విరుగుతుంది. బరువు పడి బ్రాకెట్ వంగుతున్నప్పుడు లాగుడంతా పై చర్మం మీదే పడుతుంది, మధ్యలో ఉన్న ప్లాస్టిక్ దాదాపు ఊరికే కూర్చుంటుంది, అందుకే ముందు గోడలు పెంచండి. 0.4 మి.మీ. నాజిల్ అయితే స్లైసర్‌లో `Wall loops` 5 చేయండి, గోడ సుమారు 2 మి.మీ. వస్తుంది, ఇన్‌ఫిల్ 20% చాలు.

అసలు తప్పు ఆ లోపలి మూలది. పదునుగా ఉంటే ఒత్తిడంతా ఆ ఒక్క గీత మీదకే చేరి పగులు అక్కడే మొదలవుతుంది, కాబట్టి అక్కడ మూలని గుండ్రంగా చేస్తూ 5 మి.మీ. ఫిల్లెట్ ఇవ్వండి. దాంతో పాటు రెండు కాళ్ళనీ కలుపుతూ ఒక అంచున 3 మి.మీ. మందం త్రికోణపు రిబ్ పెట్టండి, కాలి పొడవులో సగం దాకా వస్తే బాగుంటుంది. నా దృష్టిలో ఇన్‌ఫిల్ కన్నా ఈ రిబ్‌దే ఎక్కువ పని, ఎందుకంటే వంగే దిశలో లోతు రెట్టింపైతే గట్టితనం దాదాపు ఎనిమిది రెట్లు అవుతుంది.

ప్రింట్ చేసేటప్పుడు బ్రాకెట్‌ని పక్కకి పడుకోబెట్టండి, రిబ్ ఉన్న అంచు బెడ్ మీదకి రావాలి, అప్పుడు సపోర్ట్ అక్కర్లేదు, గోడల గీతలు కూడా మూల చుట్టూ తెగకుండా తిరుగుతాయి. విరిగిన ముక్క ఒకసారి చూడండి, కోసినట్టు నున్నగా లేయర్ గీత వెంట విడిపోయి ఉంటే నిలబెట్టి ప్రింట్ చేసినట్టే, ముందు దాన్ని మార్చండి.