చిన్నోడికి, బెంగళూరు బస్సెక్కే ముందు

చిన్నోడా,

నీకు బెంగళూరులో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పి మురిసిపోయింది. నాకూ సంతోషమే, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నీకు మగవాళ్ళంటేనే ఇష్టమని పోయిన నెల అలిపిరి దగ్గర నువ్వు నాతో చెప్పుకున్న మాటే గుర్తొచ్చింది. పీజీ, జీతం నువ్వు చూసుకుంటావు. నా టెన్షనంతా ఆ డేటింగ్ యాప్‌ల గురించే.

యాప్‌లో దూరం చూపే సెట్టింగ్ ఆపెయ్. వాట్సాప్‌లో పెట్టిన ఫోటో అక్కడ పెట్టకు, దాన్ని పట్టుకుని నీ పేరు తెలుసుకోవడం పెద్ద పని కాదు. కలిసే ముందు వీడియో కాల్ చెయ్యమను, వంకలు చెబితే వదిలెయ్. మొదటిసారి జనమున్న దర్శిని హోటల్లో కలువు. బిల్లులో నీ వాటా నోట్లుగా ఇవ్వు. ఫోన్‌లో అతనికి పంపావంటే బ్యాంకులో ఉన్న నీ పూర్తి పేరు అతనికి కనబడుతుంది.

ఇక నా సంగతి. 2003లో నువ్వు ఉయ్యాల్లో ఉన్నావు. ఇంటర్నెట్ సెంటర్‌లో చాట్ చేసి, ఒకతన్ని కలవడానికి చెన్నై బస్సెక్కాను. ఎక్కడికి పోతున్నానో ఒక్కరికీ చెప్పలేదు. కోయంబేడు దగ్గర లాడ్జిలో అర్ధగంట కాకముందే ఇద్దరు తలుపు తోసుకుని వచ్చి, పోలీసులమన్నారు. మగవాళ్ళిద్దరు కలవడం నేరమని 377 సెక్షన్ కింద కేసు, పేపర్లో ఫోటో అని బెదిరించారు. ఉంగరం, వాచీ, 3000 రూపాయలు ఇచ్చేశాను. జేబులోని ఆఫీసు కార్డు చూసి ఇంటి నంబరు కూడా రాయించుకున్నారు. నెల తిరగకముందే ఫోన్. ఇచ్చాను. మళ్ళీ ఫోన్. ఏడు నెలలు ఇచ్చాను రా! ఇచ్చే కొద్దీ వీడు ఇస్తాడని వాళ్ళకు ధైర్యం పెరిగింది, అంతే.

నీకు ఆ కేసు భయం లేదు. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య ఆ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చింది. బెదిరించి డబ్బు గుంజడమే నేరం, భారతీయ న్యాయ సంహిత 308 కింద. ఎవడైనా అడిగితే మొదటి రూపాయి కూడా ఇవ్వకు. భయపడి చాట్ చెరిపెయ్యకు, స్క్రీన్‌షాట్లు తీసి నాకు పంపు. ఎవర్ని కలిసినా ఎక్కడ, ఎన్నింటికి అని ముందే నాకు మెసేజ్ పెట్టు. పేరు అడగను. తిరిగొచ్చాక ‘వచ్చేశా’ అను చాలు.

మంచివాడు దొరికితే మాత్రం ఇంట్లో తెలియదని మొదట్లోనే చెప్పు. పండక్కి అతన్ని ఫ్రెండ్ అని పరిచయం చేస్తే అతనికి నొప్పి కలగదనుకోకు. ఒంటరిగా ఉందని అర్ధరాత్రి ఎవరినో పిలవాలనిపిస్తే ముందు నాకు ఫోన్ చెయ్. ముసలాడికి నిద్ర ఎటూ రాదు.

ఆ ఫోన్లు ఎట్లా ఆగాయో నీకు చెప్పలేదు కదా. ఎనిమిదోసారి మీ అమ్మ ఎత్తింది. వాడు చెప్పిందంతా విని, ‘మావాడి సంగతి మాకు తెలుసులేప్పా, పెట్టెయ్’ అంది. ఆమెకు అంతకుముందు తెలుసో లేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ రాత్రి నాకు సంగటి ముద్ద రెండోసారి వడ్డించింది.

నీ మాట ఆమెకు నేను చెప్పలేదు, చెప్పను.

మీ మామ
తిరుపతి