మాటలు తర్వాత, ముందు వరస మార్చండి

ప్రశ్న: మెషీన్ ట్రాన్స్‌లేషన్ ఇచ్చే తెలుగు ఇంగ్లీషు వరసలోనే నడుస్తోంది. దాన్ని మనం మాట్లాడుకునేలా మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను విజయనగరంలో ఇంటి దగ్గరే కూర్చుని ఈ పని చేస్తాను. ఎక్కువగా ఆరోగ్యం మీద కరపత్రాలు వస్తుంటాయి. మొదట్లో నేను మాటలే మార్చేవాడిని. ‘ద్రావణం’ తీసేసి ‘ఓఆర్‌ఎస్ నీళ్లు’ అని రాయడం, ‘మరియు’ కొట్టేయడం, ‘వేచి ఉండండి’ని ‘ఆగండి’ చేయడం, ఇదే పని. పేజీకి గంట పట్టేది, అయినా చదివితే ఎక్కడో ఇరుక్కున్నట్టే ఉండేది. తప్పు మాటల్లో లేదని నాకు చెప్పింది ఒక ముసలావిడ.

మా వదిన చీపురుపల్లి దగ్గర ఒక ఊళ్లో ఆశా కార్యకర్త. ఒకసారి వానాకాలంలో ఇంటింటికీ కరపత్రాలు పంచుతుంటే నేనూ వెంట వెళ్లాను, నేను సరిచేసిన కాగితం జనం ఎలా వింటారో చూద్దామని. ఒక ఇంట్లో పిల్లాడికి పొద్దున్నుంచీ విరేచనాలు. నాయనమ్మ వాడిని ఒళ్లో పెట్టుకుని, వదిన కలిపి ఇచ్చిన నీళ్లు చెంచాతో పడుతోంది. ఆవిడకి చదువు రాదు కాబట్టి నేనే చదివి వినిపించాను. అందులో ఈ వాక్యం వచ్చింది:

“మీ బిడ్డకు ఓఆర్‌ఎస్ నీళ్లు ఇవ్వవద్దు, ఒకవేళ అవి కలిపిన తర్వాత 24 గంటల కంటే ఎక్కువ సేపు ఉంచబడి ఉంటే.”

నేను ‘ఇవ్వవద్దు’ దగ్గరికి వచ్చేసరికే ఆవిడ గ్లాసు పక్కన పెట్టేసింది. మిగతాది చదివాను కానీ ఆవిడ వినలేదు. “ఇవ్వొద్దంతన్నావు కదా బాబూ, మరి మీ వదిన పట్టమంతాదేటి?” అని అడిగింది. వదిన మళ్లీ నచ్చజెప్పి పట్టించింది. ఆ రోజు ఇంటికి వచ్చాక నాకు అన్నం సహించలేదు. ఆ వాక్యంలో కష్టమైన మాట ఒక్కటి కూడా లేదు, పైగా అది నేను సరిచేసి పంపిన వాక్యం.

తెలుగు వినేవాళ్ల చెవి క్రియ కోసం కాచుకుని ఉంటుంది. ‘ఇవ్వవద్దు’, ‘కలపండి’ లాంటి మాట పడిందంటే విషయం అయిపోయినట్టే. ఇంగ్లీషులో పని ముందు చెప్పి షరతు తర్వాత తగిలిస్తారు, అక్కడ అది చెల్లుతుంది. మనకి షరతు ముందు రావాలి, పని చివర రావాలి. అందుకే నేను ఇప్పుడు వాక్యంలో మొదట చూసేది ఒక్కటే: ఆజ్ఞ పడిపోయాక ఇంకా తోక ఏమైనా మిగిలిందా? ‘ఒకవేళ’, ‘ఎందుకంటే’, ‘తద్వారా’, ‘వరకు’, ‘తర్వాత’ క్రియకి అవతల వేలాడుతుంటే, అవి ముందుకు రావలసినవి. పై వాక్యాన్ని ఇలా మార్చాను:

“కలిపి 24 గంటలు దాటిన ఓఆర్‌ఎస్ నీళ్లు బిడ్డకు పట్టకండి.”

‘ఒకవేళ’నీ ‘ఉంచబడి ఉంటే’నీ నేను వెతికి తీయలేదు. వరస మారగానే వాటికి చోటు లేకుండా పోయింది. ‘బడు’లన్నీ వేటాడి కొట్టేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు కానీ, వరస సరిచేస్తే సగం ‘బడు’లు వాటంతటవే రాలిపోతాయని నా అనుభవం. ఇక ‘ఇవ్వడం’ బదులు ‘పట్టడం’ వచ్చింది చూడండి, అది కూడా వాక్యం నోటికి వచ్చాకే తట్టింది. పాలైనా నీళ్లైనా చంటిపిల్లలకి పడతాం కదా.

ఇక్కడ ఒక అభ్యంతరం ఎప్పుడూ వస్తుంది. “మాటల్లో మనం కూడా ‘వచ్చాడా మీ అబ్బాయి?’, ‘తినేశాను అన్నం’ అంటాం కదా, క్రియ ముందు రావడంలో తప్పేముంది?” అని. నిజమే, అంటాం. కానీ క్రియ తర్వాత మనం వేసేది ఎదుటివాళ్లకి ముందే తెలిసిన సంగతి. మీ అబ్బాయి గురించే మాట అని ఇద్దరికీ తెలుసు. కొత్త విషయాన్ని, అందులోనూ పనినే మార్చేసే షరతుని, అక్కడ పెట్టం.

ఇంకో వాక్యం చూడండి. “ఓఆర్‌ఎస్ ఇవ్వడం కొనసాగించండి 10 నిమిషాలు ఆగిన తర్వాత, మీ బిడ్డ వాంతి చేసుకున్నట్లయితే.” ఇందులో జరిగే వరస పూర్తిగా తలకిందులు. ముందు వాంతి, తర్వాత ఆగడం, ఆ తర్వాత పట్టడం. జరిగిన వరసలోనే చెప్పేయండి: “బిడ్డ వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో మెల్లగా పట్టండి.” మనకి ‘చేసుకుంటే’, ‘ఆగి’ లాంటి రూపాలు ఉన్నదే ఇందుకు, అవి ఒకదాని వెనక ఒకటి నడిచి చివరి క్రియ దగ్గర ఆగుతాయి. ‘కొనసాగించండి’ అవసరమే లేదు, ‘మళ్లీ’ ఆ పని చేసేసింది.

క్రియకి ముందున్న చోటు సంగతి చాలామంది పట్టించుకోరు. మాట బరువు అక్కడే పడుతుంది. “ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు నీళ్లలో కలపాలి” అంటే లీటరు అన్నది గుర్తుంటుంది. “ఒక లీటరు నీళ్లలో ప్యాకెట్ మొత్తం కలపాలి” అంటే మొత్తం అన్నది గుర్తుంటుంది. ఊళ్లో సగం పొడి గ్లాసులో కలిపి మిగతా సగం దాచేవాళ్లు ఉన్నారని వదిన చెప్పింది కాబట్టి నేను రెండోదే రాశాను, ఆ వెంటనే “లీటరు సీసాతో కొలవండి” అని వేరే వాక్యం పెట్టాను. మీరు రాసేది ఎవరికో, వాళ్లు ఎక్కడ పొరబడతారో తెలియకపోతే ఈ ఎంపిక చేయలేరు.

అలాగని దొరికినదంతా ముందుకు తోసేయకండి, నేను అదీ చేసి దెబ్బతిన్నాను. “విరేచనంలో రక్తం పడుతున్న, కళ్లు లోపలికి పోయిన, నీళ్లు తాగలేకపోతున్న బిడ్డను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి” అని రాశాను. వ్యాకరణం సరిగ్గానే ఉంది. కానీ మూడూ కలిసి ఉంటేనే తీసుకెళ్లాలన్నట్టు వినిపిస్తోందని వదిన పట్టుకుంది. అసలులో ఉన్నది ‘ఏదైనా ఒకటి’. దాన్ని విడగొట్టాను: “విరేచనంలో రక్తం పడినా, కళ్లు లోపలికి పోయినా, నీళ్లు తాగలేకపోయినా, ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.” వాక్యం సాఫీగా వచ్చిందని సంతోషపడే ముందు, ‘లేదా’ కాస్తా ‘మరియు’ అయిపోయిందేమోనని అసలుతో ఒకసారి పోల్చుకోవాలి. మెషీన్ ఇచ్చిన వంకర వాక్యంలో అర్థం సరిగ్గా ఉండి, మనం నున్నగా చేసినదాంట్లో తప్పిపోవడం చాలాసార్లు చూశాను.

మాకు పని ఇచ్చేవాళ్ల మీద నాకున్న కోపం కూడా ఇక్కడే చెప్తాను. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో ఒక ఇంగ్లీషు వాక్యానికి ఒక గడి ఉంటుంది. ఒక గడిలో రెండు తెలుగు వాక్యాలు రాసుకోవచ్చు, కానీ కింది గడిలోని షరతుని పై గడిలోకి తెస్తే ‘అనువాదం సరిపోలలేదు’ అని వెనక్కి వస్తుంది. అందుకని చాలామంది గడిలో ఉన్నదాన్ని గడిలోనే సర్ది పంపేస్తారు, కాగితం మీద చూస్తే ఏ వాక్యానికి ఆ వాక్యం విడిగా నిలబడి ఉంటుంది. నేను మాత్రం పక్కన కామెంట్ రాసి గడులు మారుస్తాను. రెండుసార్లు డబ్బులు ఆపారు, ఫోన్‌లో ఆ నాయనమ్మ సంగతి చెప్పాక ఇచ్చారు.

పంపే ముందు ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి చదవండి, ప్రతి క్రియ దగ్గరా ఆగి “ఇప్పుడేం చేస్తావు?” అని అడగండి. నేను మా అమ్మని అడుగుతాను. ఆవిడ “గ్లాసు పక్కన పెడతాను” అంటే ఆ వాక్యం మళ్లీ రాస్తాను.