అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ: కొత్తగా భవనం కడుతున్న మురళికి

చిరంజీవి మురళికి ఆశీస్సులు.

హనుమకొండలో సెల్లారు, దానిపైన ఐదు అంతస్తులతో వ్యాపార భవనం కట్టాలనుకుంటున్నానని, ఫైర్ ఎన్‌ఓసీ సంగతి కట్టడం పూర్తయ్యాక చూసుకోవచ్చని ఆర్కిటెక్టు చెప్పాడని రాశావు. ఆ మాట వినవద్దు. ముప్ఫై ఏళ్లు సైట్ ఇంజినీరుగా పనిచేసిన నేను చూసినంతలో, చాలా తిరస్కరణలకు బీజం పునాదికి ముందు గీసిన డ్రాయింగులోనే పడుతుంది.

మొదట తేల్చుకోవలసినది ఎత్తు. మన రాష్ట్రంలో 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం ప్రకారం 15 మీటర్లు, అంతకు మించిన వ్యాపార భవనానికి ఎన్‌ఓసీ తప్పనిసరి. నీ అంతస్తు 3.3 మీటర్లయితే ఐదింటికి 16.5 అవుతుంది కాబట్టి నీకు తప్పదు. అదే 3.6 మీటర్ల చొప్పున నాలుగు అంతస్తులతో ఆపితే 14.4 మీటర్లే, ఐదో అంతస్తు అద్దె ఎంత వస్తుంది, పంపులకూ ట్యాంకుకూ అదనపు మెట్లకూ ఎంత ఖర్చవుతుంది అని లెక్క వేసుకున్నాకే నిర్ణయించుకో. అయితే పాఠశాల, ఫంక్షన్ హాలు వంటి జనం గుమిగూడే కట్టడాలకు హద్దు వేరు: స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లకు చేరినా అనుమతి కావలసిందే. నాలుగు అంతస్తులే కట్టి, రేపు ఒక అంతస్తును ఫంక్షన్ హాలుకు అద్దెకిస్తే మొదటికే వస్తావు.

ఈ అనుమతి రెండు దశల్లో వస్తుంది. ప్లాను మంజూరు కోసం దరఖాస్తు చేసేటప్పుడు వచ్చేది ప్రొవిజనల్ ఎన్‌ఓసీ. భవనం పూర్తయి, పరికరాలన్నీ బిగించి, పరీక్షించి చూపించాక ఇచ్చేది ఆక్యుపెన్సీ ఎన్‌ఓసీ. మొదటిదానితో పాటు షరతుల జాబితా ఒకటి వస్తుంది. ఎక్కడెక్కడ ఎంత ఖాళీ వదలాలి, మెట్లు ఎంత వెడల్పు ఉండాలి, నీళ్ల ట్యాంకు ఎంత, హోస్‌రీళ్లు ఎన్ని అనేవన్నీ అందులో ఉంటాయి. చాలామంది ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి మరిచిపోతారు. నువ్వు మాత్రం దాన్ని తెలుగులో రాయించి మేస్త్రీకీ, ప్లంబరుకూ, ఎలక్ట్రీషియనుకూ తలా ఒక కాపీ ఇవ్వు. రేపు తనిఖీకి వచ్చే అధికారి చేతిలో ఉండేది ఆ జాబితాయే.

తనిఖీలో తిరస్కరణ తెచ్చేవాటిలో మొదటిది మెట్ల వెడల్పు. ఒక సంగతి చెబుతాను. నేను చూసుకున్న ఒక భవనంలో మెట్ల వెడల్పు డ్రాయింగులో సరిగ్గా 1.5 మీటర్లు చూపించాము. వ్యాపార భవనాలకు జాతీయ భవన నియమావళి చెప్పే కనీసం అంతే. మేస్త్రీ కూడా రెండు ఇటుక గోడల మధ్య 150 సెంటీమీటర్లు కచ్చితంగా వదిలాడు. తర్వాత రెండు పక్కలా ప్లాస్టరింగుకు 3 సెంటీమీటర్లు పోయాయి. యజమాని ముచ్చటపడి రెండు గోడలకూ గ్రానైట్ వేయిస్తే, కింది సిమెంటు మందంతో కలిపి ఇంకో 8 పోయాయి. తనిఖీ రోజున అధికారి టేపు పట్టి చూస్తే 139 వచ్చింది. ఆయన మారుమాట లేకుండా రాసుకుని వెళ్లిపోయారు. గ్రానైట్ ఊడదీయిస్తే 147 అయింది, ఇంకా మూడు తక్కువే. చివరికి ప్లాస్టరింగు కూడా చెక్కించి, ఇటుకల మీదే రంగు వేయించి మళ్లీ తనిఖీకి పిలిచేసరికి నాలుగు నెలలు గడిచాయి, ఆ నాలుగు నెలల అద్దె పోయింది. ఆ తప్పు నాది కూడా, ఎందుకంటే ఇటుక వరుసలు లేస్తున్నప్పుడే నేను ఆ లెక్క వేసి ఉండవలసింది. అందుకే చెబుతున్నాను, గోడకూ గోడకూ మధ్య 165 సెంటీమీటర్లు వదిలించు.

రెండోది నీళ్ల పరీక్ష. పై అంతస్తులోని ల్యాండింగ్ వాల్వుకు గొట్టం తగిలించి పూర్తిగా తిప్పించి, అక్కడ పీడనం ఎంతుందో చూస్తారు. చదరపు సెంటీమీటరుకు 3.5 కిలోలు ఉండాలి. నీళ్లను 16.5 మీటర్లు ఎక్కించడానికే సుమారు 1.65 కిలోలు కావాలి కనుక రెండూ కలిపి 5.15 అవుతుంది. పైపుల్లో, వంపుల్లో తగ్గేది కూడా కలుపుకుంటే కింద పంపు దగ్గర గేజి ఆరుకు దగ్గరగా చూపించకపోతే పైన చాలదు. పంపు కొనేటప్పుడు దుకాణంలో గుర్రపు శక్తి గురించి మాత్రమే చెబుతారు. నువ్వు మాత్రం ఎంత ఎత్తుకు, నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుందో కాగితం మీద రాయించుకో.

ఆ తర్వాత కరెంటు మెయిన్ ఆపమంటారు. అప్పుడు డీజిల్ పంపు తనంతట తాను అందుకోవాలి. ఆరు నెలలుగా ముట్టుకోని బ్యాటరీతో అది మూలగడం నేను రెండు చోట్ల చూశాను. తనిఖీకి వారం ముందునుంచీ రోజూ పది నిమిషాలు నడిపించు. వాల్వులన్నీ మూసి ఉంచినప్పుడు కూడా, పైపుల్లో పీడనం తగ్గకుండా చూసే చిన్న జాకీ పంపు కొద్ది నిమిషాలకోసారి తిరుగుతుంటే ఎక్కడో నీరు కారుతోందని గుర్తు; సాధారణంగా, నీరు వెనక్కి పోకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు సరిగా కూర్చోకపోవడమే కారణం.

మూడోది సెట్‌బ్యాకు. ఫైరింజను తిరగడానికి వదిలిన ఖాళీలో జనరేటరు, వాచ్‌మన్ గది, రేకుల షెడ్డు, చివరికి పూలమొక్కల గట్టు ఉన్నా ఒప్పుకోరు. జనరేటరు స్థలం డ్రాయింగులోనే చూపించు. సెల్లారు విషయంలో మరీ జాగ్రత్త. ప్లానులో పార్కింగు అని రాసి అందులో గోదాము పెట్టవద్దు, అద్దెదారుణ్ణి పెట్టనివ్వవద్దు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో కింద ఎలక్ట్రిక్ బండ్ల షోరూములో మంట లేచి, పొగ మెట్ల గుండా పైనున్న లాడ్జి గదులకు ఎక్కి ఎనిమిది మంది చనిపోయారు. సెల్లారు మెట్లు, పై అంతస్తుల మెట్లు ఒకే బావిలా కలిసిపోకుండా గోడా, తలుపూ పెట్టించమని నేను పట్టుబట్టేది అందుకే. ఆ తలుపుకు గొళ్లెం వేసి తాళం పెట్టినా, టెర్రస్ తలుపుకు తాళం ఉన్నా అదే తిరస్కరణ.

ఇక కాగితాలు. ప్రొవిజనల్ ఎన్‌ఓసీ ప్రతి, మంజూరైన ప్లాను, కట్టిన తీరుగా గీయించిన డ్రాయింగులు, స్థలం దస్తావేజు, పరికరాలు బిగించిన సంస్థ ఇచ్చే పూర్తి ధ్రువపత్రం, ఐఎస్ఐ గుర్తున్న మంట ఆర్పే సిలిండర్ల బిల్లులు, భవనం ఫొటోలు సిద్ధంగా ఉంచుకో. వీటిలో తేడా వచ్చేది ఎక్కువగా పేర్లలోనే: దస్తావేజు మీ నాన్నగారి పేరున, దరఖాస్తు నీ పేరున ఉంటే అక్కడే ఆగిపోతుంది. సర్వే నంబరు, అంతస్తుల విస్తీర్ణం అన్ని కాగితాల్లోనూ ఒక్కటిగా ఉన్నాయో లేదో పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ సరిచూడు. నిర్మాణంలో ఎక్కడైనా మంజూరైన ప్లానును మార్చి ఉంటే దాచవద్దు. ముందు సవరణ మంజూరు తెచ్చుకుని, ఆ తర్వాతే తనిఖీకి దరఖాస్తు చెయ్యి.

అధికారి వచ్చిన రోజున నువ్వూ, పంపు బిగించినవాడూ, ఎలక్ట్రీషియనూ ముగ్గురూ అక్కడ ఉండాలి. ఆయన చెప్పిన లోపాలను వాదించకుండా ఒక్కొక్కటే నోటుబుక్కులో రాసుకుని, రాతపూర్వకంగా కూడా ఇమ్మని మర్యాదగా అడుగు. అన్నీ సరిచేసి, ఫొటోలు జతచేసి, వరుస నంబర్లవారీగా జవాబు రాస్తే రెండోసారి వచ్చినప్పుడు ఆ కొన్నే చూసి వెళతారు.

ప్లాను సమర్పించకముందే ఎత్తులు చూపించే సెక్షన్ డ్రాయింగు, మెట్ల డ్రాయింగు నాకు పంపు. రెండు రోజుల్లో చూసి, కొలతల పక్కన ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టి పంపిస్తాను.

నీ మేనమామ