ఎలక్ట్రీషియన్ పరిచయం రాసేటప్పుడు

తమ్ముడూ,

మీ వీధి ఎలక్ట్రీషియన్ కోసం నువ్వు రాసిన పరిచయం చదివాను. "నాణ్యతే మా ధ్యేయం, నమ్మకమే మా పెట్టుబడి. విశేష అనుభవం, ప్రభుత్వ గుర్తింపు గల ఎలక్ట్రీషియన్." ఇందులో ఎలక్ట్రీషియన్ అన్న మాట తీసేసి స్వీట్ షాపు అని పెట్టు, అలాగే సరిపోతుంది. అతన్ని పేరు తప్ప ఇంకేమీ అడగలేదని తెలిసిపోతోంది. అందుకే నువ్విచ్చిన నంబరుకి నేనే ఫోన్ చేసి ముప్పావుగంట మాట్లాడాను. కోప్పడకు, ఆ మాటల్లోంచే ఈ ఉత్తరం.

ముందు "ప్రభుత్వ గుర్తింపు" సంగతి. అదేమిటని అడిగితే అతను రెండు కాగితాల గురించి చెప్పాడు. ఒకటి ఐటీఐ సర్టిఫికెట్, రెండోది వైర్‌మ్యాన్ పర్మిట్. ఈ రెండూ ఒకటి కావు. ఐటీఐ అంటే రెండేళ్లు చదువుకున్నాడని రుజువు. పర్మిట్ అంటే వైరింగ్ పని మీద చెయ్యి వేయడానికి అనుమతి. దాని పైన ఇంకో రెండు మెట్లున్నాయి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం వైరింగ్ పనిని లైసెన్సున్న కాంట్రాక్టర్ ఒప్పుకోవాలి, అర్హత సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండి చూడాలి, పర్మిట్ ఉన్నవాడు చెయ్యాలి. బల్బు, ఫ్యాన్, ఫ్యూజు, స్విచ్ లాంటివి ఉన్నచోటే మార్చడానికి మాత్రం ఇవేవీ అక్కర్లేదు. అంటే పాత ఫ్యాన్ దించి కొత్తది బిగించడం ఒక రకం పని, ఏసీకి బోర్డు నుంచి కొత్త లైన్ లాగడం ఇంకో రకం. ఇంటివాళ్లకి రెండూ "కరెంటు పనే". ఆ తేడా తెలియాల్సింది పరిచయం రాసే మనకి.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నదే. చాలా ఏళ్ల కిందట ఒకతనికి కార్డు రాసిపెడుతూ, వినడానికి బాగుందని "లైసెన్స్‌డ్ కాంట్రాక్టర్" అని వేశాను. అతని దగ్గర ఉన్నది పర్మిట్ ఒక్కటే. ఆ కార్డు చూసి ఒకాయన ఇల్లంతా వైరింగ్ అప్పగించాడు. పనంతా అయ్యాక కొత్త సర్వీసు కోసం కాంట్రాక్టర్ సంతకంతో టెస్ట్ రిపోర్టు కావాలన్నారు. ఇతను సంతకం పెట్టలేడు. సంతకం పెట్టే మనిషి కోసం తిరిగి తిరిగి, చివరికి తన కూలీలో సగం వదులుకున్నాడు. కార్డు మీద నా పేరు లేదు కాబట్టి నేను బయటపడ్డాను.

మీవాడు చిక్కు లేని మనిషి. వైరింగ్, రిపేర్లు తొమ్మిదేళ్లుగా ఒకే లైసెన్సున్న కాంట్రాక్టర్ కింద చేస్తున్నానని తనే చెప్పాడు. అది దాచాల్సిన సంగతి కాదు, పైకే రాయి. ఎవరి సంతకం ఎక్కడ పడుతుందో ముందే తెలిస్తే ఇల్లు కట్టుకునేవాడికి నిశ్చింత.

ఇక అనుభవం. "15 ఏళ్లకు పైగా" అన్నావు. ఐటీఐ అయ్యాక మొదటి అయిదేళ్లు అతను జిన్నింగ్ మిల్లులో మోటార్లు చూశాడు. అది మంచి అనుభవమే కానీ, గోడలో పైపులు వేసి గదిగదికీ వైర్లు లాగే అనుభవం కాదు. విడగొట్టి రాస్తే రెండూ నిలబడతాయి. ఇంట్లో నీళ్ల మోటారు కాలిపోయినవాడికి ఆ మిల్లు మాటే పట్టుకుంటుంది. అన్నట్టు, "ఇన్నేళ్లు" అని రాయకు, "ఫలానా సంవత్సరం నుంచి" అని రాయి. కార్డు నాలుగేళ్లు పర్సులో ఉన్నా లెక్క తప్పదు.

నమ్మకం అన్న మాటకి బదులు ఏం రాయాలని అడిగావు కదా. అతను మాటల మధ్యలో చెప్పిన ఒక సంగతి విను. ఒక ఫ్లాట్‌లో పడకగది ఫ్యాన్ వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతోంది. ముందు వచ్చినవాడు "ఇది పాడైంది" అని దాన్ని తప్పించి డైరెక్ట్ కలిపేసి వెళ్లాడు. ఫ్యాన్ తిరిగింది, ఇంటివాళ్లు సంతోషించారు. ఆర్‌సీసీబీ చేసే పని ఏమిటంటే, ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో అంతా తిరిగి వస్తోందా లేదా అని చూడటం. ఇళ్లలో పెట్టే రకంలో తేడా 30 మిల్లీయాంపులకు చేరేసరికి అది కరెంటు ఆపేయాలి. గీజరు లోపల లీకై మనిషి చెయ్యి తగిలితే ప్రాణం కాపాడేది అదే. దాన్ని తీసేశాక ఎంసీబీ ఒక్కటే మిగులుతుంది, దానికి లోడు ఎక్కువైతేనూ షార్టయితేనూ తప్ప ఏమీ పట్టదు. మీవాడు వెళ్లి ఆర్‌సీసీబీ తిరిగి బిగించి, టెస్ట్ బటన్ నొక్కి చూశాడు. ఠక్కున పడింది. అంటే అది పాడవలేదు. వెతికితే, ఆ గదికి ఫేజ్ ఆర్‌సీసీబీ దాటాక తీసుకుని, న్యూట్రల్ మాత్రం దానికి సంబంధం లేని వేరే లింకు నుంచి తెచ్చారు. వెళ్లిన కరెంటు ఇంకో దారిన తిరిగి వెళుతోంది, ఆర్‌సీసీబీ దాన్ని లీకేజీ అనుకుని పడిపోతోంది. ఒక్క న్యూట్రల్ వైరు చోటు మార్చాడు, అంతే.

నేనైతే ఈ కథంతా రాయను. దాన్ని పిండి ఒక్క వాక్యం తీస్తాను. కింద చూడు:

"ఐటీఐ ఎలక్ట్రీషియన్ (2009). వైర్‌మ్యాన్ పర్మిట్ ఉంది, నంబరూ గడువు తేదీ కింద ఇచ్చాను, అసలు కాగితం అడిగితే చూపిస్తాను. మొదటి అయిదేళ్లు జిన్నింగ్ మిల్లులో మోటార్ల పని. 2014 నుంచి ఇళ్లు, అపార్ట్‌మెంట్ల వైరింగ్. వైరింగ్, రిపేర్లు లైసెన్సున్న కాంట్రాక్టర్ కింద చేస్తాను, టెస్ట్ రిపోర్టుపై సంతకం ఆయనది. ఆర్‌సీసీబీ పడిపోతుంటే తీసేసి డైరెక్ట్ చేయను, కారణం వెతుకుతాను. వైరింగ్ అయ్యాక మెగ్గర్‌తో పరీక్షించి రీడింగ్ మీ ముందే రాసిస్తాను. ట్రాన్స్‌ఫార్మర్, లిఫ్ట్ పనులు చేయను."

చివరి వాక్యం తీసేయమని అతను అంటాడు. గిరాకీ పోతుందని భయం. ఉంచమని చెప్పు. చేయని పని చెప్పినవాడు చేసే పని గురించి చెప్తే జనం వింటారు. మెగ్గర్ అంటే వైర్ల ఇన్సులేషన్ కొలిచే మీటరు, అతని దగ్గర నిజంగా అది ఉంటేనే ఆ మాట రాయి. వెళ్లి కళ్లతో చూడు. ఇంటి వైరింగ్‌కి 500 వోల్టుల మీద పరీక్షిస్తారు, రీడింగ్ ఒక మెగోమ్‌కి తగ్గకూడదు. ఆ అంకెలు కార్డు మీదికి ఎక్కించకు, ఎవరైనా అడిగితే అతనే చెప్పుకుంటాడు.

"వెయ్యి మందికి పైగా సంతృప్త కస్టమర్లు" కొట్టేశాను. ఎవరు లెక్కపెట్టారు? దాని బదులు ఫోన్‌లో మాట్లాడటానికి ఒప్పుకున్న పాత కస్టమర్లు ఇద్దరుంటే చాలు. వాళ్ల నంబర్లు మాత్రం అచ్చు వేయకు, అడిగినవాళ్లకి వాళ్లని అడిగాకే ఇవ్వాలి. పర్మిట్ ఫొటో పెడితే ఇంటి చిరునామా, పుట్టిన తేదీ కప్పేయి. ఆధార్ ఎక్కడా పెట్టొద్దు.

ఇంకొకటి మిగిలింది. నువ్వు పంపిన ఫొటోలో పర్మిట్ మొదటి పేజీయే ఉంది, రెన్యువల్ ముద్ర కనబడటం లేదు. అది ఉన్న పేజీ తీసి పంపు. గడువు దాటి ఉంటే రెన్యువల్ అయ్యేదాకా కార్డు ప్రింటుకి ఇవ్వకు.

మీ అన్నయ్య